నదులన్నీ సముద్రంలో కలిపేస్తే సరిపోదు

ఎం.ఏ. తత్వశాస్త్రం చదువుతున్న ఒక అమ్మాయి ఈమధ్య తన జవాబు పత్రం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ప్రశ్న ఇది: “శ్రీవైష్ణవంలో ప్రపత్తినీ, లూథర్ చెప్పిన విశ్వాసాన్నీ పోల్చి చర్చించండి.” 20కి 8 వచ్చాయి.

“అన్నీ రాశాను సార్. ఒక్క తప్పు కూడా లేదు,” అంది.

నిజమే, తప్పు లేదు. మొదటి రెండు పేజీల్లో రామానుజులు, ప్రపత్తి, శరణాగతి. తర్వాతి రెండు పేజీల్లో లూథర్, 1517, విశ్వాసం. చివర అయిదు వరుసల్లో, నదులన్నీ చివరికి సముద్రంలోనే కలుస్తాయి కాబట్టి మతాలన్నిటి సారం ఒక్కటే అని ముగింపు. ఆ అయిదు వరుసల మీద అరచెయ్యి పెట్టి, “ఇప్పుడు చదువమ్మా, ఇందులో పోలిక ఎక్కడుంది?” అన్నాను. రెండు నోట్సులు పక్కపక్కన ఉన్నాయి, అంతే.

తప్పు ఆ అమ్మాయిది కాదు. ఇలా రాయమని మనమే నేర్పాం. గైడులు నేర్పాయి, క్లాసులో డిక్టేషన్ చెప్పే మేమూ నేర్పాం. ఆ సముద్రం వాక్యాన్ని మర్యాద కింద, మతసామరస్యం కింద చెలామణీ చేశాం. నా అభ్యంతరం అక్కడే. “అన్నీ ఒకటే” అనేది మతాలను పోల్చి చూశాక తేలిన ఫలితం కాదు. అది కూడా ఒక మతసిద్ధాంతమే. రామకృష్ణ పరమహంస, వివేకానందుల వల్ల మనకి బాగా అలవాటైన ఒక వేదాంత దృక్పథం. దాన్ని నమ్మొచ్చు, కానీ తీర్పరి కుర్చీలో కూర్చోబెట్టకూడదు. పైగా ఈ ప్రశ్నలో ఉన్న రెండు పక్షాలూ దాన్ని ఒప్పుకోవు. లూథర్‌కి రక్షణ క్రీస్తు ద్వారానే. శ్రీవైష్ణవుడికి శరణ్యుడు నారాయణుడే. ఇద్దరూ కాదనే మాటని ఇద్దరి సారాంశం అని రాయడం సామరస్యం ఎలా అవుతుంది? ఇద్దరి మాటా వినకపోవడం అవుతుంది.

మరి 45 నిమిషాల్లో ఏం చెయ్యాలి? మూడు గంటల పేపర్లో నాలుగు వ్యాసాలంటే ఒక్కోదానికి దక్కేది అంతే. అందులో మొదటి 7 నిమిషాలు జవాబు రాయకూడదు. పక్కవాళ్ళు అడిషనల్ షీట్ అడుగుతుంటే చెయ్యి దురద పెడుతుంది. అయినా ఆగాలి.

ఆ ఏడింటిలో రెండు నిమిషాలు ప్రశ్న చదవడానికి. “పోల్చి చర్చించండి” అన్నారంటే వివరిస్తే చాలదు, ఒక పక్షం తీసుకుని నిలబెట్టాలి. తర్వాత మూడు నిమిషాలు చివరి పేజీలో ఒక చిన్న పట్టిక. అడ్డంగా రెండు సంప్రదాయాలు, నిలువుగా మూడు ప్రశ్నలు: దేని నుంచి రక్షణ? రక్షించేది ఎవరు? మనిషి వంతు ఎంత? గడికి నాలుగు మాటలకి మించకూడదు. మిగిలిన రెండు నిమిషాలూ ప్రతిపాదన వాక్యానికి.

పట్టిక నింపితే విషయం దానంతట అదే కదులుతుంది. రక్షించేది దేవుడి కృప అని రెండు వైపులా అంటారు. మనిషి వంతు దగ్గరికి వచ్చేసరికి తగాదా మొదలవుతుంది. తమాషా ఏమిటంటే అది రెండు మతాల మధ్య తగాదా కాదు, ఒక్కో మతం లోపలి తగాదా. పిళ్ళై లోకాచార్యుల దారిలో నడిచే తెంగలైలు పిల్లిపిల్ల ఉపమానం చెబుతారు: తల్లే నోట కరుచుకుని పోతుంది, పిల్ల చేసేదేమీ లేదు. వేదాంత దేశికుల దారిలోని వడగలైలు కోతిపిల్ల ఉపమానం చెబుతారు: మోసేది తల్లే అయినా పిల్ల పొట్ట కరుచుకోవాలి. శరణాగతి అనే చిన్న సాకైనా మనిషి వైపు నుంచి ఉండాలంటారు. అక్కడ లూథర్, విశ్వాసం కూడా దేవుడిచ్చిందే అంటాడు. 1547లో ట్రెంట్ మహాసభ, మొదలుపెట్టేది కృపే అయినా మనిషి సంకల్పం దానికి సహకరించాలి అని తీర్మానించింది. అంటే పిల్లీ కోతీ అక్కడా ఉన్నాయి.

మొదటి గడి మాత్రం కలవదు. లూథర్ దగ్గర మనిషి ముద్దాయి, దేవుడి ముందు దోషిగా నిలబడ్డాడు. శ్రీవైష్ణవంలో మనిషి బద్ధుడు, కర్మ వల్ల సంసారంలో చిక్కుకున్నాడు. ఇప్పుడు ప్రతిపాదన వాక్యం రాయొచ్చు:

“కృపలో మనిషి వంతు ఎంత అన్న వివాదం రెండు సంప్రదాయాల్లోనూ ఒకే రూపంలో ఉన్నా, రక్షణ దేని నుంచి అన్నది వేరు గనక కృప చేసే పని కూడా వేరు: అక్కడ దోషిని నీతిమంతుడిగా ప్రకటిస్తుంది, ఇక్కడ బద్ధుణ్ణి విడిపిస్తుంది.”

ఈ వాక్యాన్ని ఒకరు కాదనవచ్చు. కాదనడానికి వీల్లేని వాక్యం ప్రతిపాదన కాదు. “రెండింటిలో పోలికలూ భేదాలూ ఉన్నాయి” అంటే ఎవరు కాదంటారు?

ఇక రాతకి 33 నిమిషాలు. నా చేతికి నిమిషానికి 15 మాటలు దాటవు. అంటే మొత్తం 500 మాటలు. (మీ వేగం ఇంట్లో గడియారం పెట్టుకుని కొలుచుకోండి.) ప్రవేశానికి 4 నిమిషాలు, ప్రతిపాదన అందులోనే. లోపలి తగాదాల సామ్యానికి 8. అసలు భేదానికి 11, వ్యాసం బరువంతా అక్కడుంది గనక. ఎదురువాదానికి 6, ముగింపుకి 4. మిగిలిన 5 నిమిషాలు తిరిగి చదవడానికి. పేరా మొదటి వాక్యంలో రెండు సంప్రదాయాల పేర్లూ ఉన్నాయా అని చూసుకోండి. ఒకటే ఉంటే మళ్ళీ నోట్సులోకి జారుతున్నట్టు.

ఎదురువాదం పేరాని చాలామంది ఎగ్గొడతారు. ఆ అమ్మాయి మాత్రం పట్టిక చూసి వెంటనే, “గీతలో చరమశ్లోకం పాపాల నుంచి విడిపిస్తానంటుంది కద సార్? అమ్మవారు మన తరఫున స్వామికి సిఫార్సు చేస్తుందంటారు, అదీ కోర్టు లాగే ఉంది కదా?” అంది. బాగా అడిగింది. నేనూ ఒకటి కలిపాను: 1525లో లూథర్ రాసిన పుస్తకం మనిషి సంకల్పం బానిసత్వంలో ఉందనే చెబుతుంది. ముద్దాయీ బద్ధుడూ రెండు చోట్లా ఉన్నారన్నమాట. అయితే రామానుజుల వ్యాఖ్యలో ఆ పాపాలు భక్తికి అడ్డుపడేవి, అంటే తొలగవలసిన అడ్డంకులు. భేదం చెరిగిపోలేదు, మెత్తబడింది. అందుకని ప్రతిపాదనలో “ప్రధానంగా” అనే మాట చేర్చాం: “కృప చేసే పని కూడా ప్రధానంగా వేరు.” ఆ ఒక్క మాట చేర్చడానికి ముందు జరిగిన ఆలోచనే పోల్చడం.

“మరి ముగింపులో ఏం రాయాలి సార్? సముద్రం లేకుండా?”

లోపలి తగాదా ఒకేలా ఉండడం నుంచి ఏం తెలుస్తుందో రాయమన్నాను. కృపే సర్వం అన్న ఏ మతానికైనా, మరి మనిషి చెయ్యాల్సిందేమిటి అన్న చిక్కు తప్పదేమో, అని. అది ఈ రెండిటినీ పక్కపక్కన పెడితేనే కనబడే విషయం. మార్కులు వేసేవాళ్ళలో కొందరికి సముద్రమే ఇష్టం, వాళ్ళు ఈ వ్యాసానికీ 8 వెయ్యొచ్చు. అది కూడా ఆ అమ్మాయికి చెప్పే పంపాను.