వాక్యము లేని వ్యాకరణ ప్రశ్న

మన బడిపిల్లలకును, ఉపాధ్యాయ పదవి కోరి పరీక్షలు వ్రాయు పెద్దలకును నేడు తఱచుగా ఎదురగు తెలుగు ప్రశ్న యొకటి కలదు. ఒక్క మాట యిచ్చి దాని క్రింద నాలుగు పేరులు వ్రాయుదురు. "కాని అను అవ్యయము ఏ తెగలోనిది? సముచ్చయమా, ఆశ్చర్యార్థకమా, నిపాతమా, క్రియావిశేషణమా?" అని యడిగి ఒకదానికి గుర్తు పెట్టుమందురు. ప్రశ్న చిన్నది, దిద్దుట సులభము. అయినను ఈ రూపమున నడిగిన ప్రశ్నకు సరియైన సమాధానమే లేదనియు, లేని సమాధానమునకు మార్కులు వేయుట విద్యార్థికి అన్యాయ మనియు నేను వాదించుచున్నాను.

మొదట ఆ పేరుల సంగతి చూతము. మన పాఠశాలలలో భాషాభాగము లైదని చెప్పుదుము: నామవాచకము, సర్వనామము, విశేషణము, క్రియ, అవ్యయము. లింగ వచన విభక్తులచేత మార్పు చెందనిది అవ్యయ మని పిల్లలు వల్లించుదురు. ఇంగ్లీషువారి భాషాభాగములు ఎనిమిది. వారు వేఱువేఱుగా చెప్పుకొను క్రియావిశేషణమును, వాక్యములను గలుపు మాటను, ఆశ్చర్యాదులను దెలుపు కేకను మనము అవ్యయ మను నొక్క సంచిలో వేసితిమి. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమున పది పరిచ్ఛేదములున్నను అవ్యయమునకు ప్రత్యేకముగా నొక పరిచ్ఛేదము లేదు. కావున ప్రశ్నకర్త ఆ సంచి విప్పి లోని మాటలను విడదీయ దలచినప్పుడు ఇంగ్లీషునుండి విభాగమును, సంస్కృతమునుండి పేరులను తెచ్చుకొనుచున్నాడు. చిక్కిచ్చటనే మొదలగుచున్నది.

సంస్కృత వ్యాకరణమున నిపాత మనునది చాల విరివియైన పేరు. పాణిని చాదిగణమునకు నిపాతసంజ్ఞ చేసెను. ఆ గణములో "మఱియు" అను అర్థముగల చ కలదు, "లేక" అను అర్థముగల వా కలదు, నొక్కి చెప్పునట్టి ఏవ కలదు. అనగా సముచ్చయమును నిపాతమే, అవధారణమును నిపాతమే. సంస్కృతము చదివిన పిల్లవానిముందు "సముచ్చయమా, నిపాతమా?" అని పెట్టినచో, "ఇది మామిడిపండా, పండా?" అని యడిగినట్లుండును. రెండింటిలో దేనికి గుర్తు పెట్టినను వాడు సత్యమే చెప్పుచున్నాడు, కాని ఒకదానికే మార్కు దొరకును.

అంతకంటె ముఖ్యమైన విషయ మింకొకటి కలదు. చాదులు నిపాతములగుటకు పాణిని యొక నియమము పెట్టెను: అవి ద్రవ్యమును చెప్పనప్పుడే నిపాతములు. పశు అను శబ్దము ఆ గణములో నున్నది. అది నాలుగు కాళ్ల జంతువును చెప్పినచో నామము, "చక్కగా" అను అర్థమున వచ్చినచో నిపాతము. శబ్ద మొక్కటే, తెగలు రెండు. ఏ తెగయో తేల్చునది చెవికి వినబడు ధ్వని కాదు, అది వాక్యములో చేయు పని. ఇంత స్పష్టముగా పూర్వులు చెప్పియుండగా మనము వాక్యమును దీసివేసి మాటను మాత్రము పిల్లలముందు బెట్టుచున్నాము.

ఇప్పుడు "కాని"నే పరీక్షించి చూతము.

"వాన కురిసెను కాని చెఱువు నిండలేదు." ఇచ్చట దానికి ముందు సంపూర్ణమైన వాక్య మొకటి, తరువాత సంపూర్ణమైన వాక్య మొకటి యున్నవి. కాని తీసివేసినచో రెండు వాక్యములును చెడక వేఱువేఱుగా నిలుచును. వానినడుమ నున్న విరోధసంబంధము మాత్రము తెగును. ఇది వాక్యములను గలుపు మాట యనుటలో సందేహము లేదు.

"కాని పనికి పూనుకొనకుము." ఇచ్చట కలుపుటకు రెండు వాక్యములే లేవు. ఇది అగు ధాతువునుండి పుట్టిన వ్యతిరేక రూపము, తరువాతి "పని" అను నామమునకు విశేషణమై నిలిచినది. దీనికి ప్రతిగా "అయిన పని" అని మార్చి చెప్పవచ్చును. మొదటి వాక్యములోని కానికి అట్లు "అయిన" అని ప్రతి చెప్పిచూడుడు, వాక్యము కుప్పకూలును.

"ధనికుడు గాని దరిద్రుడు గాని న్యాయమునకు లోబడవలయును." ఇచ్చట అది రెండు మార్లు వచ్చి, ఒక్కొక్క నామము వెనుక నిలిచి, వికల్పమును దెలుపుచున్నది. కలుపునదే గాని విరోధమును జెప్పునది కాదు.

"అడిగినగాని యియ్యడు." దీనియం దున్నది నియమము. అడిగినప్పుడే యిచ్చును, అడుగనిచో ఇయ్యడు అని భావము. గాని తీసివేసినచో "అడిగిన నియ్యడు" అనగా అడిగినను లాభము లేదని యర్థమై భావము తలక్రిందులగును. ఇది ముందున్న పదమునంటి దాని యర్థమును బిగించుచున్నది. ఇతర నిపాతముల పని యిట్టిదే.

"కానీ, చూతము." ఇది "కానిమ్ము" అను క్రియయే. దీర్ఘమున్నది గదా, గుర్తించవచ్చు నందురేమో. కలుపు మాటను గూడ నేడు పలువురు "కానీ" యని దీర్ఘముతోనే వ్రాయుచున్నారు, కావున అక్షరమును జూచి తేల్చుటకు వీలు లేదు.

ఒక్క మాటకు ఐదు పనులు తేలినవి. మా తరగతిలో నొక బాలిక యిట్టి ప్రశ్నపత్రము చేతబట్టుకొని, "మాష్టారూ, ఏ కాని అండీ?" అని యడిగినది. ప్రశ్నకర్త అడుగవలసిన ప్రశ్న యదియే. ఆ బాలిక ఏ గుర్తును బెట్టక ఖాళీగా విడిచినందున ఆమెకు సున్న వచ్చినది. గైడు పుస్తకములోని పట్టిక వల్లించి కన్నులు మూసికొని గుర్తు పెట్టినవారికి మార్కు వచ్చినది. ఆలోచించిన వారిని శిక్షించి ఆలోచించని వారిని సత్కరించు పరీక్షను పరీక్ష యనవచ్చునా?

ఆశ్చర్యార్థకముల గతియు నిట్టిదే. "ఓ" యను అక్షరమును జూడుడు. "ఓ! ఎంత పెద్ద మఱ్ఱి!" అన్నప్పుడది వాక్యమునకు వెలుపల నిలిచి, మనస్సులోని భావమును మాత్రము వెలిబుచ్చుచున్నది. తీసివేసినను వాక్యమునకు లోటు లేదు, ఒంటిగా బలికినను వినువారికి భావము తెలియును. "ఓ బాలకా, ఇటు రమ్ము" అన్నప్పు డది సంబోధనకు తోడు. "వాడు వచ్చెనో లేదో" అన్నప్పుడు అదే ఓకారము క్రియ వెనుక నంటుకొని సందేహమును దెలుపుచున్నది. ఈ యర్థమున నది వాక్యమునకు మొదట రాలేదు, ఒంటిగా నిలువలేదు. తీసివేసినచో "వాడు వచ్చెను లేదు" అని అర్థము లేని పలుకు మిగులును.

ఈ పరిశీలననుండియే గుర్తులు మూడు మనకు చిక్కుచున్నవి. వెలుపల నిలిచి ఒంటిగా పలుకదగినది ఆశ్చర్యార్థకము. ఇరువైపుల సమానమైన పదములో వాక్యములో ఉండగా వానిని ముడివేయునది సముచ్చయాదికము. ఒక పదము వెనుక నంటి దాని యర్థమునకు నొక్కును, ప్రశ్నను, సందేహమును, నియమమును చేర్చునది నిపాతము. నిపాతమునకు మఱియొక గుర్తు కలదు: అది కదలును. "రాముడే నిన్న పుస్తకము తెచ్చెను", "రాముడు నిన్ననే పుస్తకము తెచ్చెను", "రాముడు నిన్న పుస్తకమే తెచ్చెను" అని ఏకారమును పదమునుండి పదమునకు జరుపవచ్చును. జరిపిన చోటనెల్ల వాక్యము నిలుచును, నొక్కు మాత్రము మాఱును. రెండు వాక్యములనడుమ నున్న కానిని అట్లు జరుపుడు చూతము!

మాటల పట్టికలవలన గలుగు కీడు పరీక్షతో ముగియదు. సముచ్చయమునకు ఉదాహరణ మనగానే ఆ పట్టికలు "మఱియు" అను నొక్క మాటను జూపును. తెలుగున రెండు నామములను గలుపు పని ప్రధానముగా పదాంతమున జరుగును. గ్రంథములలో "అన్నయు దమ్ముడును" అందుము, ఇంటిలో "అన్నా తమ్ముడూ వచ్చారు" అందుము. కలుపు మాట విడిగా నుండితీరవలయు నని పట్టిక నేర్పినందున బిడ్డలు "అన్న మరియు తమ్ముడు" అని ఇంగ్లీషు పోకడగా వ్రాయుచున్నారు. తల్లి నోట సహజముగా వచ్చు దీర్ఘము సముచ్చయ మని వారికి ఎవ్వరును చెప్పలేదు.

వేలకొలది పత్రములను యంత్రముతో దిద్దవలసి యుండగా నాలుగు వికల్పముల ప్రశ్నలు తప్పవని కొందఱు చెప్పవచ్చును. తప్పకపోవచ్చును. నాలుగు వికల్పములు వలదని నేననలేదు. మాట ఒక్కటి, పేరులు నాలుగు ఇచ్చుటకు బదులు, మాట ఒక్కటి, వాక్యములు నాలుగు ఇయ్యుడు. "ఈ క్రింది వానిలో ఏ వాక్యమునందు కాని రెండు వాక్యములను గలుపుచున్నది?" అని యడిగి యిట్లు వ్రాయుడు:

అ. కాని మాట పలుకకుము.
ఆ. పిలిచినగాని రాడు.
ఇ. పిలిచితిని కాని రాలేదు.
ఈ. కానీ, పోదము.

సమాధానము ఇ. దీనిని వల్లించి చెప్పలేరు. రెండవ మూడవ వాక్యములు చూపునకు కవలలవలె నున్నవి. మూడవదానిలో కానికి ముందు "పిలిచితిని" అను సమాపకక్రియ యున్నది, అచ్చట నొక వాక్యము ముగిసినది. రెండవదానిలో "పిలిచిన" అనునది వాక్యమును ముగింపలేదు. ఆ భేదమును గనిపెట్టిన బిడ్డకు అవ్యయము తెలిసినట్లే. యంత్రము దిద్దుటకును ఇది ముందటి ప్రశ్న యంత సులభమే.

ఇట్లు అడుగువారు జాగ్రత్తపడవలసిన దొకటి కలదు. సముచ్చయమును నిపాతమును ప్రక్కప్రక్కన వికల్పములుగా బెట్టదలచినచో, నిపాత శబ్దమును తా మే యర్థమున వాడుచున్నదియు ప్రశ్నలోనే చెప్పవలయును. "కాబట్టి", "అయినను" మొదలగునవి కూడ పుట్టుకచేత క్రియారూపములు, పనిచేత కలుపు మాటలు. పుట్టుక నడుగుచున్నారో పని నడుగుచున్నారో తెలుపక యట్టివానిని పరీక్షలో బెట్టరాదు.

ఇంటిలో బిడ్డలకు చదువు చెప్పు తల్లిదండ్రులతో నొక మాట. గైడు పుస్తకములోని అవ్యయముల పట్టికను ఒప్పజెప్పించుకొనుట మాని, పట్టికలోని ప్రతి మాటకును రెండేసి వాక్యములు బిడ్డచేతనే చెప్పించుడు. మాటను దీసి యొకమాఱు, జరిపి యొకమాఱు వాక్యమును మరల చదివించుడు. వాక్యము చెడినదో, భావము మాఱినదో, ఏమియు గాలేదో బిడ్డయే చెప్పును. ప్రశ్నపత్రములు కూర్చువారు ఈ పాటి శ్రమ పడువఱకు, వాక్యము లేని అవ్యయ ప్రశ్నకు ఖాళీ విడిచిన బిడ్డను తెలియనివారిలో చేర్చుటకు మనకు హక్కు లేదు.