సగటు లెక్కకు సెలవు

"రోజుకు 300 ఫోన్లు. మనిషి గంటకు 12 ఎత్తుతాడు. పది గంటల డ్యూటీకి ముగ్గురు చాలు." కాల్ సెంటర్లలో వారం రోస్టర్ వేసేవాళ్లు ఎక్కువగా నమ్మే లెక్క ఇదే. భాగాహారంలో తప్పు లేదు, రోజు మొత్తాన్ని భాగించడమే తప్పు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కరెంటు ఫిర్యాదులు వినే బృందం ఒకటి ఉందనుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా 60 ఫోన్లు. రాసుకునే పనితో కలిపి ఒక్కోదానికి అయిదు నిమిషాలు. అంటే అయిదుగురికి సరిగ్గా గంట పని. కానీ ఫోన్లు వరుసలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి రావు. ఒక నిమిషం ఏదీ మోగదు, మరు నిమిషం నాలుగు మోగుతాయి. మోగని ఆ నిమిషం మళ్లీ చేతికి రాదు. అందుకే అయిదుగురితో క్యూ పెరుగుతూనే పోతుంది.

కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో ఇచ్చిన సూత్రంతో లెక్కిస్తే, ఆరుగురుంటే సగటున మూడు నిమిషాలు ఆగాలి. ఏడుగురుంటే 50 సెకన్ల లోపే. ఒక్క మనిషితో అంత తేడా. ఆ ఏడుగురిలో ఎవరో ఒకరు ఖాళీగా కనిపిస్తే మేనేజర్‌కు కడుపుమంట. ఆ ఖాళీయే లేకపోతే అవతల రైతు ఫోను చెవికి పెట్టుకుని నిలబడే ఉంటాడు.

ఇక సీట్లో ఏడుగురుండాలంటే రోస్టర్‌లో ఎందరుండాలి? టీ, భోజనం, శిక్షణ, సెలవులు కలిసి 30 శాతం పోతే, ఏడుకు 30 శాతం కలిపి తొమ్మిది అనేస్తారు. తొమ్మిది మందిలో 30 శాతం పోతే మిగిలేది ఆరు చిల్లర. ఏడును 0.7తో భాగించాలి, పది వస్తుంది. టీ విరామాలు అయిదున్నరకు ముందే అయిపోవాలి, అదీ ఒకరి తర్వాత ఒకరికి.

సెలవుల్లో సగటును అసలే నమ్మను. ఏడాదికి ఎనిమిది శాతం అని కాగితం మీద రాసుకుంటారు. బతుకమ్మకు, దసరాకు అందరూ ఒకేసారి ఊళ్లకు పోతారు. నల్లమలలో సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి, సరిగ్గా గాలిదుమారాలు మొదలయ్యే రోజుల్లో. అందుకని గురువారం నాడే వచ్చే వారం సెలవులు పేర్లతో సహా ముందు పెట్టుకోవాలి. పోయిన ఆరు వారాల ఫోన్లను అరగంటల వారీగా, ఏ వారానికి ఆ వారం విడిగా చూడాలి. ఎత్తినవే కాదు, విసిగి పెట్టేసినవీ లెక్కలోకి రావాలి. లేకపోతే మనుషులు తక్కువైన గంటే ఫోన్లు తక్కువున్న గంటలా కనిపిస్తుంది.

ఎర్లాంగ్‌కూ ఓ హద్దుంది. ఎవరి ఫోను వాళ్లదే, ఒకదానికొకటి సంబంధం లేదన్నది ఆయన లెక్క. గాలికి ఫీడరు పడిపోతే పది ఊళ్లు ఒకేసారి ఫోను చేస్తాయి. ఆ అరగంటకు ఇరవై మందిని కూర్చోబెట్టినా చాలరు. "ఫలానా ఫీడరు పోయింది, మనుషులు బయల్దేరారు" అనే రికార్డు మాటను అయిదు నిమిషాల్లో ఎక్కించే మనిషి ఒకడు కావాలి. వాడి టీ ఎప్పుడో కూడా రోస్టర్‌లో రాయండి.