క్యాప్షన్‌లో ‘లీటరు’ అనే మాట ఎందుకు మిగలాలి?

ఏటా జూలై 29న ఓఆర్ఎస్ దినోత్సవం వస్తుంది. ఆ రోజు సామాజిక మాధ్యమాల్లో పెట్టే క్యాప్షన్ల ముసాయిదాలు చాలావరకు ఇలా ఉంటాయి:

“నేడు ప్రపంచ ఓఆర్ఎస్ దినోత్సవం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటితో ఎన్నో ప్రాణాలను కాపాడింది. పేగుల్లో గ్లూకోజ్ సోడియంను తనతో పాటు రక్తంలోకి తీసుకెళ్తుంది, దాని వెంట నీరూ చేరుతుంది. విరేచనాల సమయంలో పిల్లల్లో నిర్జలీకరణం ప్రమాదకరం కావచ్చు కాబట్టి తల్లిదండ్రులు ఓఆర్ఎస్ ప్రాముఖ్యాన్ని గుర్తించి, ప్యాకెట్ లీటరు నీటిలో కలిపి తగిన విధంగా వినియోగించి, అవసరమైతే వైద్యులను సంప్రదించడం మంచిది.”

ఇందులో తప్పేమీ లేదు. కానీ ఎక్స్‌లో సాధారణ ఖాతాకు 280 అక్షరాలే పరిమితి. ఈ ముసాయిదా 480 దాటింది. పైగా ఆ లెక్క కంటికి కనిపించే అక్షరాలది కాదు. తెలుగులో హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘ప్రాముఖ్యాన్ని’ అనే మాటలో కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలు, లెక్కలో మాత్రం పద్నాలుగు. లింకు ఎంత పొడవున్నా 23గా లెక్కిస్తారు.

చాలామంది ముసాయిదాను చివరి నుంచి కత్తిరిస్తారు. పైదాన్ని అలా కత్తిరిస్తే 280వ అక్షరం దగ్గర, అంటే ‘నీరూ చేరుతుంది’ అన్నచోట ఆగిపోతుంది. చరిత్ర మిగిలింది, శాస్త్రం మిగిలింది. తల్లి చేయవలసిన పని మాత్రం మొత్తం పోయింది.

ఇంకొందరు అన్ని వాక్యాలనూ ఉంచి మాటలు తగ్గిస్తారు. అప్పుడు ‘ఓఆర్ఎస్ ప్యాకెట్ నీటిలో కలిపి తాగించండి’ అన్న వాక్యం తయారవుతుంది. ఇది మరింత ప్రమాదకరం. లీటరు నీటికి ఉద్దేశించిన ప్యాకెట్‌ను గ్లాసులో కలిపితే ఉప్పు మోతాదు మించి, బిడ్డ రక్తంలో సోడియం పెరుగుతుంది. ప్యాకెట్‌లో కొంచెమే వేస్తే అవసరమైన లవణాలు అందవు. పోస్టు తయారుచేసేవారికి ‘లీటరు’ ఒక చిన్న మాట. ఓఆర్ఎస్ మందుగా పనిచేసేది మాత్రం ఆ కొలత వల్లే. బజారులో 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి కాబట్టి ‘లీటరు ప్యాకెట్’ అని చెప్పడమూ అవసరమే.

అందుకే కత్తెర పట్టేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ మాట తీసేస్తే ఇంట్లో చేసే పని మారుతుందా? మారితే అది ఉండాలి, మారకపోతే పోవచ్చు. ఈ పరీక్షలో బనగావ్ శిబిరం నిలవదు, గ్లూకోజ్ వివరణ కూడా నిలవదు. ఆ రెండూ లింకులోని వ్యాసంలోకి వెళ్లాలి. ‘ప్రాముఖ్యాన్ని గుర్తించి’, ‘తగిన విధంగా’ అన్నవీ పోతాయి, ఎందుకంటే అవి ఏ పనీ చెప్పవు. ‘అవసరమైతే’ అన్న మాట తల్లికి పనికొచ్చేది ఎప్పుడు అవసరమో చెప్పినప్పుడే. ఆ ఒక్క మాటకు బదులుగా కొన్ని లక్షణాలు రాయాలి. ఇక్కడ నిడివి పెరుగుతుంది, పెరగనివ్వాలి. మిగిలేది ఇది:

“పిల్లలకు విరేచనాలు మొదలవగానే ఓఆర్ఎస్ ఇవ్వండి. లీటరు ప్యాకెట్ మొత్తాన్ని లీటరు తాగునీటిలో కలపండి, గ్లాసులో వద్దు. కొద్దికొద్దిగా పట్టండి. తల్లిపాలు ఆపొద్దు. మూత్రం తగ్గినా, రక్తం పడినా, మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.”

ఇది 244 అక్షరాలు. ఒక ఖాళీ, లింకు కలిపినా 268 దగ్గర ఆగుతుంది. ‘సంప్రదించడం మంచిది’ అన్న సలహా స్థానంలో ‘తీసుకెళ్లండి’ అన్న క్రియ వచ్చింది.

దీనికీ పరిమితులున్నాయి. జింకు మాత్రల సంగతి ఇందులో లేదు. ఆ మోతాదు వయసును బట్టి మారుతుంది కాబట్టి అరకొరగా చెప్పడం కన్నా లింకులో పూర్తిగా చెప్పడమే మేలు. కలిపిన ద్రావణాన్ని 24 గంటల్లోపే వాడాలన్న మాటకూ అక్కడే చోటు. మహలనబిస్ పేరు లేకపోవడం కొందరికి వెలితిగా అనిపించవచ్చు. ఆయనకు దక్కాల్సిన గౌరవం వ్యాసంలో దక్కుతుంది. ఆ పేరు కోసం కొలతను వదులుకోవడం మాత్రం సరికాదు.

క్యాప్షన్ కుదిరిందో లేదో తెలుసుకోవడానికి పోస్టు చేసేముందు దాన్ని ఈ విషయం తెలియని ఒకరికి చూపించి, ఫోను వెనక్కి తీసుకుని మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ఏం ఇవ్వాలి? ఎన్ని నీళ్లలో కలపాలి? ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి? వీటిలో ఒక్కదానికి జవాబు రాకపోయినా, 280 లోపు ఉన్నా సరే, ఆ క్యాప్షన్‌ను మళ్లీ రాయాల్సిందే.