పూనమల్లి దగ్గర ఆగిన గుర్రాలు

1857 తిరుగుబాటు గురించి మన యువతకు రెండు మాటలు అలవాటుగా చెబుతారు. కొవ్వు పూసిన తూటాల వల్ల, మిషనరీల వల్ల అది పుట్టిందనేది మొదటి మాట. దక్షిణాది వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోబట్టి ఓడిపోయిందనేది రెండోది. ఈ రెండూ సగం నిజాలే అంటున్నాం. మిగతా సగం బెంగళూరు నుంచే బయలుదేరింది.

మతభయం లేదని మేము అనడం లేదు. మతం మారినా ఆస్తిహక్కు పోదని 1850లో కంపెనీ చట్టం చేసింది. మతం మార్చేస్తారన్న అనుమానం దానితో పెరిగింది. మే 11న ఢిల్లీలో మొదట చనిపోయినవాళ్లలో క్రైస్తవుడైన వైద్యుడు చమన్‌లాల్ ఒకరు. ఆ చావును దాచకూడదు. కానీ అదే ఏడాది ఆగస్టులో తిరుగుబాటుదారులు వెలువరించిన ఆజంగఢ్ ప్రకటన చూడండి. జమీందారు మీద శిస్తు, వర్తకుడి చేజారిన వ్యాపారం, ఉద్యోగికి దక్కని జీతం, హోదా, చేతివృత్తివాడి పోయిన బతుకు, ఇవన్నీ అందులో వరసగా ఉన్నాయి. పండితులు, ఫకీర్ల సంగతి చివర వస్తుంది. భయానికి మతం భాష ఇచ్చింది, బలం ఇచ్చింది మాత్రం భూమి, కూలి, జీతం.

ఆ బలం అవధ్‌లో ఎందుకంత గట్టిగా ఉంది? బెంగాల్ సైన్యంలో సిపాయిలు ఎక్కువమంది అక్కడి రైతు కుటుంబాల పెద్దకులాల బిడ్డలు. 1856లో కంపెనీ అవధ్‌ను కలిపేసుకుని, శిస్తు కొత్తగా కట్టి, తాలూకాదార్ల భూములు లాక్కుంది. బారకాసులో సిపాయికి వచ్చిన కోపం, ఊళ్లో అతని అన్నకు వచ్చిన కోపం ఒకటే అయ్యాయి. అందుకే అక్కడ దండు లేస్తే ఊరూ లేచింది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు, తమిళులు, ముస్లింలు, దళితులు, క్రైస్తవులు కలిసి ఉండేవారు. భార్యాబిడ్డలు దండుతోపాటే తిరిగేవారు. ఓడెక్కి బర్మా వెళ్లడం వాళ్లకు కొత్త కాదు. కోపం వస్తే దాన్ని అందుకోవడానికి వెనక ఒక్క ఊరంటూ లేదు.

అయినా కోపం వచ్చింది. 8వ మద్రాసు అశ్వికదళంలో ఎక్కువమంది దక్షిణాది ముస్లింలు. 1857లో ఆ దళాన్ని బెంగాల్ పంపడానికి బెంగళూరు నుంచి మద్రాసుకు నడిపించారు. శ్రీపెరంబుదూరు చేరాక రౌతులు ఆగిపోయారు. 1837కు ముందున్న జీతం, భత్యం, పింఛను ఇస్తేనే కదులుతామన్నారు. ప్రభుత్వం ఒప్పుకుంది. మళ్లీ గుర్రాలెక్కి 13 మైళ్లు నడిచి, పూనమల్లి దగ్గర మళ్లీ ఆగారు. ఈసారి అడిగింది డబ్బు కాదు. మన దేశస్థుల మీద యుద్ధం చేయమన్నారు. ఫిరంగులు తెచ్చి నిలబెట్టి, వాళ్లను గుర్రాల మీంచి దించి, ఆయుధాలు లాక్కున్నారు. ఆ గుర్రాలనే ఓడెక్కించి, బెంగాల్‌లో తిరుగుబాటును అణచడానికి పంపారు.

చేతులు కట్టుకున్నవాళ్లు చేసే పనేనా ఇది? వాళ్లు నిరాకరించారు, కానీ ఒంటరిగా నిరాకరించారు. రెండో దళం కలవలేదు, దారిలో ఒక్క ఊరూ లేవలేదు.

వాళ్లు వదిలివచ్చిన బెంగళూరు ఎందుకు లేవలేదో కూడా చెప్పాలి. మైసూరు రైతుల కోపం 1830లోనే నగర తిరుగుబాటుగా పేలి అణిగిపోయింది. దాన్ని సాకు చేసుకుని 1831లో కంపెనీ పాలన చేతిలోకి తీసుకుంది. తర్వాత కమిషనర్ మార్క్ కబ్బన్ కాలంలో వందల చిల్లర పన్నులు, సుంకాలు రద్దయ్యాయి. చిక్కపేటలాంటి వర్తకపేటకు అది నేరుగా మేలు. అవధ్‌లో పుండు పచ్చిగా ఉన్న ఏడాదికి మైసూరులో పాతికేళ్ల పాతది. పైగా పేట వేరు, కంటోన్మెంటు వేరు. రౌతు బాధ వర్తకుడికి తెలియదు.

హైదరాబాదులోనూ అంతే. జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. దివాన్ సాలార్‌జంగ్ కంపెనీ పక్షాన నిలిచాడు. ఆ విశ్వాసానికి 1860లో నిజాముకు రాయచూరు దోఆబ్ తిరిగొచ్చింది, 50 లక్షల అప్పు మాఫీ అయింది. తుర్రెబాజ్ ఖాన్‌ను అంతకుముందే 1859లో తూప్రాన్ దగ్గర చంపేశారు.

యువతీ యువకులారా, దక్షిణాది పిరికిదని ఎవరైనా అంటే పూనమల్లి పేరు చెప్పండి. అంతా మిషనరీల వల్లే అంటే, ఆ రౌతులు మొదట అడిగింది ఏమిటో చెప్పండి. జీతం, భత్యం, పింఛను. ఆ కోపం ఊరి కోపంతో కలిసిన చోట కంపెనీ కదిలింది, కలవని చోట గుర్రాలు చేతులు మారాయి.