‘చేనేత’ నుండి ‘చే’ జారిపోతే

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే తేదీన కలకత్తాలో స్వదేశీ ఉద్యమం ఆరంభమైనందున 2015 నుండి ప్రభుత్వం ఆ రోజును చేనేతకు కేటాయించింది. ఆ రోజుల్లో ఊరూరా చేనేత ప్రదర్శనలు జరుగుతాయి. ఒక చిన్న నేత సహకార సంఘం ఆరు రోజుల ప్రదర్శన తలపెట్టిందని ఊహించుకోవచ్చు. హాలు ముఖద్వారానికి కట్టేందుకు పొడవైన బ్యానర్ సిద్ధమైంది. ఎడమవైపు గుంట మగ్గంపై నేస్తున్న స్త్రీ ఛాయాచిత్రం. నడుమ ఒకే వరుసలో ‘చేనేత వస్త్ర ప్రదర్శన’ అన్న శీర్షిక, దాని కింద తేదీలు, స్థలం. కుడివైపు మూడు లోగోలు – హ్యాండ్‌లూమ్ మార్క్, సంఘం ముద్ర, ఆర్థిక సహాయం చేసిన బ్యాంకు చిహ్నం. ద్వారం మీద అది చక్కగా అమరింది. అయితే నేడు కొనుగోలుదారులలో ఎక్కువమంది దానిని ముందుగా చూసేది ద్వారం మీద కాదు, అరచేతిలోని ఫోనులో. అక్కడి చట్రాలు వేరు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకు తరచు చతురస్రం వాడతారు. స్టోరీకి, వాట్సాప్ స్టేటస్‌కు నిలువు చట్రం కావాలి. ఆరు రోజుల అమ్మకం మీద ఏడాది సరుకు ఆధారపడిన సంఘానికి ఈ రెండు చిన్న పటాలు ద్వారం మీది బ్యానర్ కంటె తక్కువైనవి కావు.

సాధారణంగా జరిగేది కత్తిరింపు. ఆ కత్తిరింపు ఎందుకు పొసగదో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. బ్యానర్ ఫైలు వెడల్పు 2400 పిక్సెళ్లు, ఎత్తు 800 పిక్సెళ్లు అనుకుంటే (పిక్సెల్ అనగా తెరమీది బొమ్మలో ఒక చుక్క), దాని నుండి తీయగల పెద్ద చతురస్రం 800 చుక్కలది మాత్రమే. అంటే వెడల్పులో మూడింట రెండు వంతులు పోతాయి. సరిగ్గా నడుమ నుండి తీస్తే నేత స్త్రీ పోతుంది, లోగోలు పోతాయి, శీర్షికలో ‘ప్రదర్శన’ సగంలో తెగుతుంది. నిలువు చట్రం సంగతి మరీ కష్టం. దాని కొలత 1080 వెడల్పు, 1920 ఎత్తు. ఆ నిష్పత్తిలో 800 ఎత్తుకు దొరికే వెడల్పు 450 చుక్కలే; మొత్తం బ్యానర్‌లో అయిదో వంతు కూడా కాదు. ఆ చిన్న ముక్కను 1920 ఎత్తుకు సాగదీస్తే ప్రతి చుక్కా 2.4 రెట్లు పెద్దదై, మగ్గం మీది దారాలు మసకబారిన మబ్బువలె కనిపిస్తాయి. నేత నాణ్యతను చూపవలసిన చిత్రంలో దారమే కనిపించకపోతే ఇక చూపేదేమున్నది?

కాబట్టి చేయవలసినది బ్యానర్‌ను కోయడం కాదు, విప్పడం. అందులోని ఛాయాచిత్రం, అక్షరాలు, లోగోలు మూడింటినీ విడదీసి, మూల ప్రతులు సేకరించి, ప్రతి చట్రంలోనూ తిరిగి కూర్చాలి. కెమెరా నుండి వచ్చిన అసలు ఛాయాచిత్రం 6000 వెడల్పు, 4000 ఎత్తు ఉంటే, అందులో నుండి నిలువు ముక్కగా 2250 వెడల్పు, 4000 ఎత్తు తీయవచ్చు. అది కావలసిన దానికి రెట్టింపుకు పైనే. లోగోలు ఎంత పెంచినా అంచు చెదరని వెక్టర్ ఫైళ్లుగా ఆయా సంస్థల నుండి అడిగి తెచ్చుకోవాలి. బ్యానర్ నుండి కోసిన లోగో చుట్టూ వెనుకటి రంగు అంటుకునే వస్తుంది. అసలు ఛాయాచిత్రం దొరకని పక్షంలో బ్యానర్‌లోని చిత్రాన్ని సాగదీయకుండా, దాని సహజమైన కొలతలోనే ఉంచి, మిగిలిన జాగాను బ్యానర్ నేపథ్యపు రంగుతోనే నింపడం మేలు.

ఇక్కడ ఒక చిన్న ప్రలోభం ఎదురవుతుంది. నేత స్త్రీ చూపు అక్షరాల వైపు ఉండాలని కొందరు చిత్రాన్ని అద్దంలో ప్రతిబింబంవలె తిప్పివేస్తారు. అప్పుడు ఎడమ భుజం మీది పైట కుడి భుజం మీదికి పోతుంది. యంత్రానికి అది తప్పుగా తోచదు గాని, చీర కొనడానికి వచ్చే స్త్రీకి ఒక్క చూపులో తెలిసిపోతుంది. చిత్రాన్ని తిప్పే బదులు అక్షరాలనే ఆమె చూపు పడే వైపునకు జరపడం సులభం.

ఇక అక్షరాల మాట. ఒక వరుసలోని శీర్షికను చతురస్రంలో ఎలా నిలపాలి? సంఘం వారు మొదట ఒకే వరుసను కాపాడాలని చూస్తారు. 1080 వెడల్పులో రెండు అంచులకూ 40 చుక్కల జాగా విడిచి, శీర్షికను 1000 చుక్కల మేర పరిస్తే నిండుగానే కనిపిస్తుంది. పోస్టు తెరిచి చూసినప్పుడు లోపమేమీ లేదు. కాని 2025 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్ తన ఖాతా పుటలోని చిన్న గడులను చతురస్రం నుండి నిలువు గడులుగా మార్చింది. ఇప్పుడు వాటి నిష్పత్తి మూడుకు నాలుగు. చతురస్రపు పోస్టుకు ఆ గడిలో మామూలుగా ఇరుప్రక్కలా కోత పడుతుంది. 1080 ఎత్తుకు కనిపించే వెడల్పు 810. అంటే ప్రతి ప్రక్కనా 135 చుక్కలు మరుగవుతాయి. 40వ చుక్క వద్ద మొదలయ్యే శీర్షికలో మొదటి 95 చుక్కలు, అనగా దాదాపు సరిగ్గా ‘చే’ అన్న అక్షరం, గల్లంతవుతుంది. చివరి ‘న’ కూడా అదే దారి పడుతుంది. మిగిలేది ‘నేత వస్త్ర ప్రదర్శ’. ఎన్నికల రోజులైతే ఏ నాయకుని బట్టలో చూడబోతున్నామని జనం భ్రమపడినా ఆశ్చర్యం లేదు.

నివారణ రెండు వరుసలు: పైన ‘చేనేత వస్త్ర’, కింద ‘ప్రదర్శన’. రెండూ నడిమి 810 చుక్కల లోపలే ఇమడాలి. వరుస విరిచేటప్పుడు కొలతకంటె అర్థమే ప్రమాణం కావాలి. తేదీల వరుస విషయంలో ఇది మరీ ముఖ్యం. ‘ఆగస్టు’ పై వరుసలో ఉండి, ‘7 నుండి 12 వరకు’ కింద పడితే, త్వరగా చూసేవారికి అది వేళల పట్టికగా తోచవచ్చు. నెల, తేదీ ఎప్పుడూ విడరాదు.

వరుసలు రెండైన మరుక్షణం తెలుగు లిపికే ప్రత్యేకమైన చిక్కు మొదలవుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు వరుసకూ వరుసకూ మధ్య అక్షర పరిమాణానికి 1.2 రెట్లు దూరం చాలు. తెలుగులో పై వరుస వత్తులు కిందికి దిగుతాయి, కింది వరుస గుడులు, తలకట్లు పైకి లేస్తాయి. ‘వస్త్ర’ అన్న మాటలో త వత్తు, దాని వెంట ర వత్తు రెండూ ‘స’ కిందికి వచ్చి చేరుతాయి. అదే 1.2 రెట్లను ఉంచితే ఆ వత్తుల కొసలు ‘ప్రదర్శన’ తలకట్లను తాకి, రెండు వరుసలు ఒక చిక్కుముడి అవుతాయి. దూరం కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. అక్షరం 120 అయితే వరుస దూరం 180. చోటు చాలకపోతే అక్షరాన్ని తగ్గించాలి గాని దూరాన్ని కాదు. వెడల్పును మాత్రమే నొక్కి ఇరికించడం అన్నింటికంటె హీనమైన మార్గం. గుండ్రదనమే ప్రాణమైన అక్షరాలు కోడిగుడ్లయిపోతాయి. ఇక చిన్న అక్షరాలలో ‘ద’కు ‘ధ’కు భేదం చూపే చిన్న గీత మాయమై ‘ధర’ కాస్తా ‘దర’ అవుతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచే సౌకర్యాన్ని కూడా తెలుగులో వాడకపోవడమే మంచిది; కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తు తన అక్షరాన్ని విడిచి పక్కకు జరుగుతుంది.

లోగోల అమరికలో చిక్కు కంటికి సంబంధించినది కొంత, మనుషులకు సంబంధించినది కొంత. బ్యానర్‌లో మూడూ ఒకే ఎత్తులో ఉన్నాయి. సంఘం ముద్ర గుండ్రనిది. బ్యాంకు చిహ్నం ఎత్తుకు మూడింతల పొడవు గల పేరు. రెండింటినీ 120 ఎత్తుకు ఉంచితే బ్యాంకు పేరు 360 పొడవు సాగి, ముద్రకు మూడింతల జాగా ఆక్రమిస్తుంది. పొడవైన బ్యానర్‌లో ఇది బయటపడలేదు. ఇరుకైన చతురస్రంలో మాత్రం ప్రదర్శన సంఘానిదా, బ్యాంకుదా అన్న సందేహం కలుగుతుంది. అందుచేత ఎత్తులు కాదు, వైశాల్యాలు సమానం చేయాలి. ముద్ర 120కి 120 అయితే, బ్యాంకు పేరు సుమారు 208 పొడవు, 69 ఎత్తు ఉంటే కంటికి రెండూ సమానంగా తూగుతాయి. లోగోల వరుస క్రమాన్ని మార్చవలసి వస్తే, ఎవరి పేరు ముందన్నది ముందుగానే ఆ సంస్థలతో తేల్చుకోవాలి. అడ్డవరుసలో ఎడమ చివర ఉన్నది నిలువు వరుసలో పైన ఉండాలన్నది సామాన్య పద్ధతి.

ముద్రల చుట్టూ ఉంగరంవలె రాసిన అక్షరాల గతి వేరు. ఫోను తెర వెడల్పు సుమారు 68 మిల్లీమీటర్లు. అందులో 120 చుక్కల ముద్ర ఏడున్నర మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. దాని అంచున ముద్ర ఎత్తులో పదో వంతు ఉన్న అక్షరం ముప్పాతిక మిల్లీమీటరు మాత్రమే. దానిని ఎవరూ చదవలేరు. సంస్థ వారి వద్ద ఉంగరం లేని సరళమైన రూపం ఉంటే అడిగి వాడవచ్చు. లేకపోతే ముద్రను ముద్రగానే ఉంచి, సంఘం పేరును పక్కన విడిగా రాయాలి. ఉంగరాన్ని సొంతంగా చెరిపివేసే హక్కు డిజైనరుకు లేదు.

నిలువు చట్రంలో 1920 ఎత్తు ఉన్నా అది అంతా వాడుకోదగినది కాదు. పైభాగంలో ఖాతా పేరు, మూసివేసే గుర్తు వచ్చి కూర్చుంటాయి. అడుగున జవాబు రాసే గడి ఉంటుంది. స్టోరీ ప్రకటనలకు మెటా సంస్థ సూచించే హద్దు ప్రకారం పైన 250 చుక్కలు, కింద 340 చుక్కలు అక్షరాలు, లోగోలు లేకుండా విడవాలి. మిగిలేది 1330. కొత్తవారు లోగోలను అలవాటుకొద్దీ అడుగు అంచున పేరుస్తారు. అవి జవాబు గడి కింద పడి, డబ్బిచ్చిన బ్యాంకు కనిపించకుండా పోతుంది. ఛాయాచిత్రం మాత్రం అంచు నుండి అంచు వరకు నిండవచ్చు. మగ్గం నీడ మరుగున పడినా నష్టం లేదు. కాబట్టి పైన 250 దాటిన తరువాత శీర్షిక రెండు వరుసలు, నడుమ నేత స్త్రీ ముఖమూ చేతులూ, వాటి కింద తేదీలూ స్థలమూ, ఆ తరువాత లోగోలు, అడుగున 340 చుక్కల మేర ఉత్త వస్త్రపు అల్లిక – ఈ వరుసలో కూర్చితే దేనికీ కోత పడదు. ఇదే పటాన్ని రీల్ ముఖచిత్రంగా కూడా వాడదలిస్తే ఈ హద్దు చాలదు. రీల్స్‌లో అడుగున దాదాపు మూడో వంతుకు పైగా విడవాలని సూచన, కాబట్టి తేదీలు ఇంకా పైకి జరగాలి.

బ్యానర్‌లో ఉండిన చిరునామా, ఫోను నంబర్లు, ‘అందరూ ఆహ్వానితులే’ వంటి వాక్యాలన్నీ నిలువు పటంలో ఇమడవు. స్టేటస్ కొన్ని సెకన్లలో కదిలిపోతుంది. ఏమి, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడూ నిలవాలి; తక్కినవి పోస్టు కింద రాసే మాటలలో చేర్చవచ్చు. పటం పూర్తయ్యాక పెద్ద తెరమీద కాక, ఒక మామూలు ఫోనులోకి పంపి, చేయి చాచినంత దూరాన పట్టి, బ్యానర్‌ను ఎన్నడూ చూడని ఒకరిచేత చదివించాలి. ఖాతా పుటలోని చిన్న గడిలో కూడా చూడాలి. ‘ప్రదర్శన ఎప్పుడు?’ అని వారు తిరిగి అడిగితే, తేదీల వరుసను పెంచి, దానికి చోటు కోసం ఛాయాచిత్రాన్ని మరికొంత కుదించవలసి ఉంటుంది.