రోస్టర్‌కు కొలత అరగంటే

కాల్ సెంటర్‌లో వారం రోస్టర్‌ను రోజు మొత్తం కాల్స్‌తో కాక, ఒక్కో అరగంటలో వచ్చే కాల్స్‌తో వేయాలి. మేడ్చల్ రోడ్డులోని దేవరయాంజాల్ నుంచి నడిచే 108 సేవకైనా, శామీర్‌పేటలో పదిమందితో నడిచే కస్టమర్ సపోర్ట్‌కైనా ఈ సూత్రం ఒకటే. మారేది ఫోన్ ఎంత త్వరగా ఎత్తాలన్న లక్ష్యమే.

ఉదాహరణకు, రద్దీ వేళ అరగంటలో 60 కాల్స్ వస్తాయనుకుందాం. మాట్లాడటం, వివరాలు నమోదు చేయడం కలిపి కాల్‌కు 5 నిమిషాలు పడితే మొత్తం పని 300 నిమిషాలు. అంటే పదిమందికి క్షణం తీరిక లేని పని. అయితే కాల్స్ వరుసలో రావు. ఒకసారి గుంపుగా వస్తాయి, ఒకసారి అసలు రావు. అందుకే పదిమందినే పెడితే క్యూ పెరుగుతూనే ఉంటుంది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన సూత్రం ప్రకారం 14 మంది ఉంటే, నూటికి 87 కాల్స్‌ను 20 సెకన్లలోపు ఎత్తగలరు. సగటు నిరీక్షణ 13 సెకన్లు.

ఆ వేళలో ఇద్దరు కలిసి టీకి వెళితే మిగిలేది 12 మంది. 20 సెకన్లలోపు ఎత్తే కాల్స్ నూటికి 61కి పడిపోతాయి, నిరీక్షణ నిమిషం దాటుతుంది. విసిగి పెట్టేసినవారు మళ్లీ చేస్తారు కాబట్టి కాల్స్ సంఖ్య ఇంకా పెరుగుతుంది. రోజు సగటులో ఈ లోటు కనిపించదు. అరగంటల రిపోర్టులో రోజూ ఒకే వేళకు పడిపోతుంటే, కారణం బ్రేక్‌ల అమరికేమో ముందు చూడాలి. బ్రేక్ తగ్గించడం పరిష్కారం కాదు. రద్దీకి ముందూ వెనకా ఒకరి తర్వాత ఒకరికి ఇస్తే చాలు.

రద్దీ రోజంతా అలాగే ఉంటే ఎందరిని నియమించాలన్నది తర్వాతి లెక్క. ఎనిమిది గంటల షిఫ్ట్‌లో గంట బ్రేక్‌లకు పోతే, ఫోన్ దగ్గర 14 మంది ఉండాలంటే షిఫ్ట్‌కు 16 మంది రావాలి. నూటికి పదిమంది సెలవులో ఉంటారనుకుంటే 18 మంది కావాలి. వారానికి ఒక వీక్లీ ఆఫ్ కూడా కలిపితే 21 మంది. ఈ మూడింటినీ శాతాలుగా కూడి 14 మీద వేసేవారికి 19 మందే తేలతారు. ఏడాది పొడవునా ఆ ఇద్దరి పనీ మిగతావారి మీద పడుతుంది.

దసరా, సంక్రాంతి వారాలకు ఆ పది శాతం సరిపోదు. ఆ సెలవులను ముందే అడిగి రాసుకుని, విడతలుగా ఇవ్వాలి. ఎర్లాంగ్ సూత్రానికీ ఒక హద్దుంది. ఒక కాల్‌కూ మరో కాల్‌కూ సంబంధం లేదని అది అనుకుంటుంది. నాగపూర్ హైవేపై ఒక్క ప్రమాదం జరిగితే చూసినవారంతా ఒకేసారి 108కి ఫోన్ చేస్తారు. అలాంటి వేళకు పిలిస్తే వచ్చే మనుషులను విడిగా ఉంచుకోవాలి.

బ్రేక్, సెలవు సిబ్బందికి దక్కాల్సినవి. వాటిని ముందే లెక్కలో వేయని రోస్టర్ తప్పుడు రోస్టర్.