డిలీట్ నొక్కాక ఎన్నాళ్లు?

చేవెళ్ల నుంచి షాబాద్ వైపు వెళ్తే చందనవెల్లి వస్తుంది. తెలంగాణలో డేటా సెంటర్లకు 20,761 కోట్ల రూపాయలు పెడతామని 2020లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ ప్రకటించినప్పుడు వినిపించిన మూడు చోట్లలో ఇదొకటి. ఆ కంపెనీ ‘హైదరాబాద్ రీజియన్’ 2022 నవంబరులో మొదలైంది. చేవెళ్లలో తీసిన ప్రతి ఫొటో అక్కడే ఉంటుందని కాదు. ఏ ఫైలు ఏ ఊళ్లో దాచాలన్నది యాప్ నడిపేవారి ఇష్టం. అయితే అక్కడ దాచిన ఫైలును చెరిపేస్తే నిజంగా పోతుందా?

మొయినాబాద్‌లో ప్లాట్లు అమ్మే ఒక ఆఫీసు ఉందనుకుందాం. కొనేవారి ఆధార్, పట్టాదారు పాస్‌పుస్తకం స్కాన్లను ఈ రీజియన్‌లోని ఎస్3 నిల్వలో పెట్టింది. అమెజాన్ మామూలు ఎస్3లో ప్రతి ఫైలునూ కనీసం మూడు వేర్వేరు జోన్లలో భద్రపరుస్తుంది. బేరం కుదరని కొనుగోలుదారు తన కాగితాలు తీసేయమన్నాడు. ఆఫీసు డిలీట్ నొక్కింది. ముందు పోయేది ఫైలు పేరుకీ, డిస్కులో అది ఉన్న చోటుకీ మధ్య లంకె. ఆ పని సాధారణంగా కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఆ తర్వాత బయటినుంచి ఎవరూ ఆ ఫైలును తెరవలేరు. ఖాళీ అయిన చోటును సిస్టం తర్వాత మరో డేటాకు వాడుకుంటుంది.

ఇదంతా ‘వెర్షనింగ్’ ఆన్ చేయనప్పటి మాట. పొరపాటున చెరిపినవి వెనక్కి తెచ్చుకోవడానికి చాలా ఆఫీసులు దాన్ని ఆన్ చేసి పెడతాయి. అప్పుడు డిలీట్ నొక్కితే ఫైలు మీద ‘డిలీట్ మార్కర్’ మాత్రమే పడుతుంది. తెరవబోతే ఫైలు లేదని వస్తుంది, పాత ప్రతి మాత్రం చెక్కుచెదరదు. దానికి గడువు పెట్టకపోతే ఏళ్ల తరబడి ఉంటుంది. నిల్వ బిల్లు తగ్గకపోవడం ఒక గుర్తు. ఖాయంగా తెలియాలంటే ఐటీ చూసేవారు ఈ ఆదేశం ఇవ్వాలి:

```
aws s3api list-object-versions --bucket BUCKET --prefix aadhaar.pdf
```

జాబితాలో కనిపించిన ప్రతి ప్రతినీ దాని `VersionId` చెప్పి విడిగా తీసేయాలి. ఇక్కడ కాపీ మిగలడానికి కారణం అమెజాన్ కాదు, మొయినాబాద్ ఆఫీసు పెట్టుకున్న సెట్టింగు.

సొంత ఫోన్ నుంచి గూగుల్ డ్రైవ్‌లో దాచుకునేవారి లెక్క వేరు. జనవరి 1న చెరిపిన ఫైలు 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. వాడుకలో ఉన్న సర్వర్ల నుంచి పూర్తిగా తొలగడానికి ఆ నెలతో కలిపి సుమారు రెండు నెలలు పడుతుందని గూగుల్ చెబుతోంది, అంటే మార్చి వస్తుంది. బ్యాకప్‌లలో ఆరు నెలల వరకు ఉండొచ్చు. అంటే జూన్ ఆఖరు. బ్యాకప్ ఒక్కొక్క ఫైలుగా కాక పెద్ద మూటగా ఉంటుంది. అందులోంచి ఒక్కటి వెతికి తీయడం కన్నా మూట గడువు తీరేదాకా ఆగడమే కంపెనీలకు తేలిక. ఈ ఆలస్యంలో కుట్ర ఏమీ లేదు. మంటల్లో ఒక డేటా సెంటర్ పోయినా ఫైలు మిగలాలని కోరుకునేదీ మనమే.

అసలు చిక్కు గడువు తప్పినప్పుడు వస్తుంది. 2017 జనవరిలో కొందరు డ్రాప్‌బాక్స్ వినియోగదారులకు ఎప్పుడో ఏళ్ల కిందట చెరిపిన 2009–2011 నాటి ఫైళ్లు మళ్లీ కనిపించాయి. చెరిపినవాటిని 60 రోజుల్లో తొలగించడం ఆ కంపెనీ నియమం. కొన్ని ఫైళ్ల వివరాల్లో తేడాలు ఉండటంతో తొలగించే ప్రోగ్రాం వాటిని పక్కన పెట్టేసింది. తర్వాత ఆ తేడాలు సరిచేయబోతే ఫైళ్లు తిరిగొచ్చాయి. అవి మళ్లీ ప్రత్యక్షమయ్యేవరకు, చెరిపినవి చెరగలేదని వాటి సొంతదారులకు తెలుసుకునే దారే లేదు.

డిలీట్ బటన్ తహసీల్ ఆఫీసులో ఇచ్చే దరఖాస్తు రశీదు లాంటిది: పని మొదలైందని చెబుతుంది, పూర్తయిందని కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అవసరం తీరిన డేటాను చెరిపేయాలంటోంది. 2025 నవంబరులో వచ్చిన నియమాలేమో కొన్ని రకాల డేటానూ లాగ్‌లనూ కనీసం ఏడాది ఉంచమంటున్నాయి. ఈ రెండింటి మధ్య ఫలానా ఫైలు ఏ రోజున పోతుందో పౌరుడికి ఎవరూ చెప్పడం లేదు.

ఆ తేదీ కంపెనీ దగ్గర ఉంది. ‘డిలీట్ అయింది’ అన్న చోట ‘బ్యాకప్‌లతో సహా జూన్ 30లోగా పోతుంది’ అని తెరమీద చూపించమని నియమం పెట్టడం కష్టం కాదు. అది వచ్చేదాకా ఆధార్, పాస్‌పుస్తకం లాంటివాటిని గట్టి పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేశాకే పైకి ఎక్కించడం మేలు. అప్పుడు బ్యాకప్‌లో ఆరు నెలలు మిగిలిన ప్రతిని కూడా పాస్‌వర్డ్ లేనివాడు చదవలేడు.